రద్దీ క్లౌడ్‌కి, ఖాతాలు సొంత గూటిలో

జీతాల రోజున బ్యాంకు యాప్ మీద రద్దీ పెరుగుతుంది. ఖాతాల డేటాబేస్‌ను సొంత డేటా సెంటర్‌లోనే ఉంచి, పేజీలు చూపించే సర్వర్లను మాత్రం ఆ కొద్ది గంటలకు క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవచ్చు. చిక్కల్లా మధ్య దూరంతోనే.

ఒక పేజీ డేటాబేస్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా 40 ప్రశ్నలు అడుగుతుందనుకోండి. ఒకే భవనంలో ప్రశ్నకు 1 మిల్లీసెకను పడితే మొత్తం 40. క్లౌడ్ నుంచి రానుపోను 20 పడితే 800. క్లౌడ్ సర్వర్లు ఖాళీగా ఉన్నా పేజీలు నత్తనడక నడుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు మరిన్ని సర్వర్లు తేవడం దండగ. డేటాబేస్ కనెక్షన్లు నిండిపోయి అసలుకే ఎసరు రావచ్చు. ప్రశ్నలను రెండు మూడుగా కలపాలి. వడ్డీ రేట్ల వంటి బహిరంగ వివరాల నకలు క్లౌడ్‌లోనే ఉంచాలి. బ్యాలెన్స్ మాత్రం ప్రతిసారీ బ్యాంకు డేటాబేస్ నుంచే రావాలి.