పట్టుచీర ఫొటో కింద ఒక్క మాట

అన్నయ్య కొత్తింటి గృహప్రవేశం. అమ్మ పెళ్లినాటి గద్వాల చీర కట్టుకుని, గుమ్మానికి కట్టిన మామిడాకుల కింద చెల్లెలు ఫొటో దిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టబోతూ రాసిన మొదటి క్యాప్షన్: ‘సంప్రదాయ దుస్తుల్లో ఉండే అందమే వేరు.’

ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఈ వాక్యం ఎవరి ఫొటో కిందైనా అతుకుతుంది. పైగా చీర కట్టుకున్న సంగతి ఫొటోలోనే కనిపిస్తోంది. కనిపించనివి రెండు: ఆ చీర ఎవరిది, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది. ఆ రెండూ చేర్చి ఆమె మళ్లీ రాసింది: ‘ఈరోజు మా అన్నయ్య గృహప్రవేశం సందర్భంగా మా అమ్మ పెళ్లి చీర కట్టుకున్నాను.’ విషయమంతా వచ్చింది కానీ వార్త చదివినట్టుంది. ‘ఈరోజు’, ‘సందర్భంగా’, ‘కట్టుకున్నాను’ తీసేసినా అర్థం చెడదు. గృహప్రవేశం అనే మాట బదులు పాలు పొంగించడం చెబితే తెలుగువాళ్లకు సందర్భం ఇట్టే తెలిసిపోతుంది. చివరికి మిగిలింది ఇది:

‘పాలు పొంగిన ఇంట్లో, అమ్మ పెళ్లి చీరలో.’

క్రియ లేకుండానే వాక్యం నిలబడింది. రెండు ముక్కలూ ‘లో’తో ముగియడం వల్ల చదవడానికి ఒక తూగు వచ్చింది. ఫీడ్‌లో పొడవాటి క్యాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసలే కనిపించి, మిగతాది దాగిపోతుంది. ఇది పూర్తిగా కనబడుతుంది.

మగవాళ్ల ఫొటోకీ ఇదే పద్ధతి. మొదటిసారి పంచె కట్టిన కుర్రాడు ‘పంచె నాన్నది, తడబాటు నాది’ అని రాస్తే చిరునవ్వు తెప్పిస్తుంది. ఓణీల వేడుకలో మేనమామ పెట్టిన బట్టలైతే ‘మావయ్య తెచ్చిన రంగు’ చాలు.

చీర పేరు రాసేటప్పుడు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగాలి. పోచంపల్లిని కంచి అని రాస్తే మొదటి కామెంటు అత్తయ్యదే అవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. సంప్రదాయ గద్వాలకు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు ఉంటాయి. తేల్చుకోలేకపోతే ‘అమ్మ చీర’ అనడమే మేలు.

ఇంకో జాగ్రత్త. ఫొటోలో పెళ్లికూతురో, షష్టిపూర్తి దంపతులో ఉంటే క్యాప్షన్ వాళ్లది. అక్కడ మన చీర ముచ్చట మొదలుపెడితే పెళ్లివారికన్నా మనమే ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఆ ముచ్చటకు మనం ఒక్కరమే ఉన్న ఫొటో తీసుకోవాలి.