ఏడేళ్ల తర్వాత పాత మేనేజరుకు మెసేజ్

ఒకప్పుడు కలిసి పనిచేసిన మనిషితో ఇప్పుడు పని పడింది. మాట్లాడి ఏడేళ్లయింది. ‘ఇన్నాళ్లూ పలకరించనందుకు క్షమించండి సర్’ అని కొందరు మొదలుపెడతారు. అది చదివిన ఆయన ముందు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ‘మీలాంటి మేనేజరు మళ్లీ దొరకలేదు’ అని ఇంకొందరు రాస్తారు. ఏదో అడగబోతున్నారని ఆయనకు వెంటనే తెలిసిపోతుంది.

నిజానికి ఆ మౌనం ఇద్దరిదీ. లెవిన్, వాల్టర్, మర్నిఘన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, కనీసం మూడేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్థుల దగ్గర సలహా అడగమని ఎగ్జిక్యూటివ్‌లకు చెప్పారు. ఎప్పుడూ మాట్లాడే వాళ్లకంటే వీళ్ల నుంచే కొత్త సంగతులు ఎక్కువ తెలిశాయి. ఆ ఏళ్లలో వాళ్లు వేరే చోట్ల వేరే పనులు చూశారు మరి. పాత నమ్మకమూ చెరిగిపోలేదు.

మందుల కంపెనీలో టాబ్లెట్ల క్వాలిటీ ల్యాబులో ఉన్న ఒకరు ఇంజెక్షన్ల వైపు మారాలనుకున్నారనుకుందాం. పాత మేనేజరు ఇప్పుడు అక్కడే ఉన్నారు. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

‘నమస్తే సర్. 2018లో బొల్లారం ప్లాంటులో మీ టీములో క్యూసీ చేశాను. డిసల్యూషన్ ఫెయిలైన బ్యాచ్ కోసం రాత్రంతా కూర్చున్న ముగ్గురిలో నేనొకణ్ని. ముందు మెషీన్ లాగ్‌బుక్ చూడమని ఆ రోజు మీరన్నారు, ఇప్పటికీ అదే పాటిస్తున్నాను. ఇంజెక్షన్ల విభాగానికి మారాలనుకుంటున్నాను. మైక్రోబయాలజీ తెలియనివాళ్లు ముందు ఏం నేర్చుకోవాలి సర్? వచ్చే వారం పది నిమిషాలు వీలైతే ఫోన్ చేస్తాను. కుదరకపోయినా ఫర్వాలేదు.’

ఎవరు రాశారో రెండో వాక్యానికే తెలిసింది. పేరు మర్చిపోయినా ఆ రాత్రి ఆయనకు గుర్తొస్తుంది. లాగ్‌బుక్ మాట పొగడ్త కాదు. అదే వాక్యం మరొకరికి పంపితే అతకదు, తేడా అక్కడే ఉంది. అడిగింది ఉద్యోగం కాదు, ఆయనకు తెలిసిన ఒక విషయం. మొదటి మెసేజ్‌కే రెజ్యూమె జతచేస్తే ఆ ప్రశ్న వట్టి సాకులా కనిపిస్తుంది. ‘గుర్తున్నానా సర్?’ అని మాత్రమే పంపి జవాబు కోసం ఆగడమూ ఇబ్బందే. గుర్తులేకపోతే ఆ మాట చెప్పే భారం ఆయన మీద పడుతుంది.

జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. నంబరు మారి ఉండొచ్చు, ఆయనకు తీరిక లేకపోవచ్చు. ఆ మౌనానికి కారణం అడిగితే మాత్రం ఉన్న పరిచయమూ చెడుతుంది.

ఆయన మాట్లాడితే ఆ సలహాతో మీరేం చేశారో నెల తర్వాత రాయండి: ‘మీరు చెప్పిన కోర్సులో చేరాను సర్, ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్ నేర్చుకుంటున్నాను.’ ఇంకేమీ అడగకండి. పని అయ్యాక కూడా మీరు పలకరించారని అప్పుడు ఆయనకు తెలుస్తుంది.