కేబుల్ కూడా జవాబు చెప్పాలి

45 వాట్ల ఛార్జర్, 45 వాట్లు తీసుకోగల శామ్‌సంగ్ ఫోను, మధ్యలో ఇంట్లో దొరికిన ఏదో ఒక టైప్-సి కేబుల్. తెర మీద Super fast charging అని పడుతుంది గానీ, దాని చివర రావాల్సిన 2.0 రాదు. ఛార్జర్ నకిలీది అంటగట్టారని షాపువాడి మీదికి వెళ్లేముందు కేబుల్ మార్చి చూడటం మంచిది. చాలాసార్లు కిటుకు అక్కడే ఉంటుంది.

టైప్-సి ఛార్జర్‌ని ప్లగ్గులో పెట్టి ఊరికే వదిలేస్తే దాని సాకెట్లో కరెంటు ఉండదు. సాకెట్లో సీసీ అనే చిన్న పిన్నులు రెండుంటాయి. ఫోను వైపు అవే పిన్నులకు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి ఉంటాయి. కేబుల్ తగిలించగానే ఆ రెసిస్టర్ ఆనవాలు ఛార్జర్‌కు అందుతుంది. అవతల ఫోను ఉందని తెలిశాకే అది 5 వోల్టులు వదులుతుంది. చవక ట్రిమ్మర్లు, టార్చిలైట్లు కొన్నింటిలో ఈ పైసల విలువ చేసే రెసిస్టర్లు పెట్టరు. పాత వెడల్పాటి యూఎస్‌బీ సాకెట్లో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి దాంతో అవి ఛార్జ్ అవుతాయి. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు.

5 వోల్టులు దాటాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఆ పద్ధతి పేరు పవర్ డెలివరీ. అదే సీసీ తీగ మీద ఛార్జర్ తన దగ్గరున్న వాటి జాబితా పంపుతుంది: 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, ఇలా. ఫోను అందులోంచి ఒకదాని వరుస నంబరు, తనకు కావాల్సిన ఆంపియర్లు చెబుతుంది. ఛార్జర్ సరేనని వోల్టేజి పెంచి, అది నిలకడగా నిలిచాక సిద్ధమని మరో కబురు పంపుతుంది. ఆ కబురు అందాకే ఫోను ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇదంతా సెకను లోపు ముగిసే వ్యవహారం. ఫోను అడగందే ఛార్జర్ వోల్టేజి పెంచదు. అందుకే 100 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్ పెట్టినంత మాత్రాన చిన్న ఫోను కాలిపోదు.

శామ్‌సంగ్ ఫోన్లు వాడేది ఇందులోనే ఇంకో రకం, పీపీఎస్. ఇక్కడ 5, 9 లాంటి మెట్లు కాకుండా 20 మిల్లీవోల్టుల తేడాతో కావాల్సినంత అడగొచ్చు. బ్యాటరీ నిండేకొద్దీ ఫోను కొత్త లెక్క చెబుతూనే ఉంటుంది. లెక్క మారకపోయినా 10 సెకన్లకోసారైనా అడగాలి, లేకపోతే ఛార్జర్ మళ్లీ మొదటికొస్తుంది. వోల్టేజిని సరిచేసే పని చాలావరకు ఛార్జర్ దగ్గరే జరిగిపోవడంతో ఫోను వేడెక్కడం తగ్గుతుంది.

ఇక కేబుల్ సంగతి. 45 వాట్లను 10 వోల్టుల దగ్గర తీసుకోవాలంటే 4.5 ఆంపియర్లు పారాలి. మామూలు టైప్-సి కేబుల్‌ను 3 ఆంపియర్లకే నమ్ముతారు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగలో పుట్టే వేడి రెండుంపావు రెట్లవుతుంది. అందువల్ల 3 దాటి ఇచ్చేముందు ఛార్జర్ కేబుల్‌నే అడుగుతుంది. జవాబు చెప్పడానికి కేబుల్ ప్లగ్గులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. రెండు సీసీ పిన్నుల్లో ఒకటి మాటలకు పోగా, మిగిలిన దాని మీదుగా చిప్పుకు కరెంటు అందుతుంది. నేను 5 ఆంపియర్లు మోస్తాను, ఇన్ని వోల్టులు తట్టుకుంటాను, డేటా వేగం ఇంత, నన్ను చేసినవారు ఫలానా అని అది చెబుతుంది. జవాబు రాకపోతే ఛార్జర్ తన జాబితాలో ప్రతిదాన్నీ 3 ఆంపియర్లకు కుదించేస్తుంది. మన ఫోను అప్పుడు 25 వాట్లతో సరిపెట్టుకుంటుంది. పోయిన 2.0 సంగతి ఇదే.

లాప్‌టాప్‌కు 60 వాట్ల దాకా చిప్పు లేని కేబుల్ చాలు, ఎందుకంటే 20 వోల్టుల దగ్గర అది 3 ఆంపియర్లే. అది దాటితే చిప్పు తప్పదు. 48 వోల్టుల దగ్గర 240 వాట్లు కావాలంటే ఆ వోల్టేజి కూడా తట్టుకుంటానని చిప్పు చెప్పాలి. ధ్రువీకరణ పొందిన కేబుళ్ల మీద 60 అనో 240 అనో వాట్లు ముద్రించి ఉంటాయి, కొనేటప్పుడు చూడాల్సింది అదే. కొన్ని బ్రాండ్ల 80, 120 వాట్ల ఛార్జర్లు తమ సొంత పద్ధతిలో మాట్లాడతాయి. వాటికి వాళ్ల కేబులే కావాలి, ఈ లెక్కలు అక్కడ చెల్లవు.

చిప్పు చెప్పింది నిజమో కాదో ఛార్జర్ కొలవదు. వంతెన పక్కన బరువు బోర్డు ఉన్నంత మాత్రాన వంతెన గట్టిదని కాదు గదా. 5 ఆంపియర్లని రాసిన చిప్పును సన్నపు రాగి తీగకు అతికించి అమ్మితే, ఛార్జర్ నమ్మేసి 5 ఆంపియర్లూ పంపిస్తుంది. ఈ-మార్కర్‌ను చదివే యూఎస్‌బీ మీటర్లు దొరుకుతాయి గానీ, అవీ చిప్పు మాటనే తెర మీద చూపిస్తాయి. మీటరు 5 అంటున్నా, పూర్తి వేగంతో ఛార్జ్ అవుతున్నప్పుడు ప్లగ్గు మొదట్లో పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటే మాత్రం చేతి మాటే నమ్మండి.