కావడి లెక్కలో కరిగే టంకం

టీవీలు బాగుచేసే దుకాణంలో మెకానిక్ వాడే టంకం తీగ చుట్ట మీద చాలాసార్లు 60/40 అని ఉంటుంది. అంటే అందులో 60 శాతం తగరం, 40 శాతం సీసం. వేడి కమ్మీ తగలగానే అది నీళ్లలా పారుతుంది, కమ్మీ తీయగానే బిగుస్తుంది. సీసపు గొట్టాల కాలంలో బ్రిటన్ ప్లంబర్లు వాడిన టంకం వేరు. అందులో ఒక పాలు తగరానికి రెండు పాళ్లు సీసం. అది చల్లారేటప్పుడు చాలాసేపు ముద్దలా ఉండేది. ఆ ముద్దను గుడ్డతో గొట్టం చుట్టూ మెత్తి, నున్నగా దిద్దేవారు.

రెండిటిలోనూ ఉన్నవి అవే లోహాలు. మరి ఒకటి పారడానికీ, రెండోది ముద్దకట్టడానికీ కారణం ఏమిటి? దీనికి జవాబు ఆ క్షణంలో ఎన్ని గ్రాములు ఘనంగా, ఎన్ని గ్రాములు ద్రవంగా ఉన్నాయన్న లెక్కలో ఉంది. ఆ లెక్క చెప్పేదే లీవర్ నియమం.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయి. రెండూ కలిస్తే కరగడం సాధారణంగా ఒక్క డిగ్రీ దగ్గర ముగియదు. 40 శాతం తగరం ఉన్న టంకం చల్లారుతుంటే సుమారు 238 డిగ్రీల దగ్గర తొలి ఘన రేణువులు పుడతాయి. చివరి చుక్క గడ్డకట్టేది 183 దగ్గర. ఈ మధ్యలో ఘనం, ద్రవం కలిసే ఉంటాయి. దీన్ని చూపే బొమ్మను ప్రావస్థా పటం అంటారు. అడ్డంగా తగరం శాతం, నిలువుగా ఉష్ణోగ్రత. పై గీత దాటితే అంతా ద్రవం, కింది గీత దిగితే అంతా ఘనం.

ఈ టంకం కిలో తీసుకుని, 220 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచామనుకుందాం. పటంలో 220 దగ్గర అడ్డగీత గీస్తే అది కింది గీతను సుమారు 16 దగ్గర, పై గీతను 48 దగ్గర తాకుతుంది. అంటే అప్పుడున్న ఘనంలో 16 శాతం, ద్రవంలో 48 శాతం తగరం ఉన్నాయి. మన టంకం మొత్తం మీద చూస్తే 40 శాతం.

ఇప్పుడు ఆ అడ్డగీతను కావడి బద్ద అనుకోవాలి. ఒక కొసన ఘనం, మరో కొసన ద్రవం వేలాడుతున్నాయి. భుజం 40 దగ్గర ఉంది. కుండల బరువు సమానం కానప్పుడు కావడి మోసేవాడు బరువైన కుండను భుజానికి దగ్గరగా జరుపుకుంటాడు. ఇక్కడ భుజానికి ద్రవం కొస 8 దూరంలో, ఘనం కొస 24 దూరంలో ఉన్నాయి. కాబట్టి ద్రవం ఘనానికి మూడు రెట్లు. ద్రవం వాటా కావాలంటే ఎదుటి చేయి పొడవును మొత్తం బద్ద పొడవుతో భాగించాలి:

(40 − 16) ÷ (48 − 16) = 0.75

కిలోలో ద్రవం 750 గ్రాములు, ఘనం 250 గ్రాములు. విద్యార్థులు తరచు తడబడేది ఇక్కడే. ద్రవం వాటా కోసం ద్రవం పక్కనున్న చేయినే తీసుకుంటే లెక్క తలకిందులవుతుంది. తప్పు పట్టుకోవడం తేలిక, తగరాన్ని తిరిగి లెక్కపెడితే చాలు. 250 గ్రాముల ఘనంలో 40 గ్రాములు, 750 గ్రాముల ద్రవంలో 360 గ్రాములు, మొత్తం 400. కిలోలో మనం వేసింది అంతే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 184 డిగ్రీల దగ్గర అడ్డగీత కొసలు సుమారు 19, 62. ప్లంబర్ టంకంలో తగరం 33 శాతం కాబట్టి ద్రవం మూడో వంతే, మిగిలినది ఘనం. తడి ఇసుకలా చేతికి ఒదిగేది అందుకే. మెకానిక్ తీగలో 60 శాతం తగరం ఉండడంతో భుజం ద్రవం కొసకు దాదాపు ఆనుకుని ఉంటుంది. ద్రవం సుమారు 95 శాతం. అదంతా ఆ తర్వాత ఒకే ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది కాబట్టి ముద్ద దశ అంటూ దాదాపు ఉండదు. అతుకు కదిలిపోయే అవకాశమూ తక్కువ.

సరిగ్గా 183 దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. అక్కడ ద్రవంతో పాటు రెండు రకాల ఘనాలు కలిసి ఉంటాయి, కావడికేమో కొసలు రెండే. ఇంకో షరతు నిదానంగా చల్లార్చడం. తొలి రేణువులు పుట్టేటప్పుడు వాటిలో తగరం 16 శాతం కంటే తక్కువ. ఉష్ణోగ్రత దిగేకొద్దీ అవి చుట్టూ ఉన్న ద్రవం నుంచి తగరాన్ని పీల్చుకోవాలి. త్వరగా చల్లారిస్తే రేణువు నడిభాగానికి ఆ వ్యవధి దొరకదు. ఘనంలో సగటున 14 శాతమే ఉందనుకుంటే, 220 దగ్గర ద్రవం 750 కాదు, సుమారు 765 గ్రాములు.

గడ్డకట్టిన టంకం ముక్కను నునుపుచేసి, ఆమ్లం పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ తొలి రేణువులు నల్లని చెట్టుకొమ్మల్లా కనిపిస్తాయి. వాటి మధ్య సన్నని చారలతో ఉన్న భాగమంతా, 183 డిగ్రీల దాకా ద్రవంగా మిగిలిన లోహం.