పీపీఎఫ్ స్టేట్‌మెంట్: అయిదో తారీఖుతో తేలే వడ్డీ

పీపీఎఫ్ స్టేట్‌మెంట్ చేతికొస్తే చాలామంది చివరి బ్యాలెన్స్ చూసి పక్కన పెట్టేస్తారు. మార్చి నెలాఖరున వడ్డీ పేరుతో ఒక అంకె పడి ఉంటుంది. అది సరిగానే ఉంటుందన్న నమ్మకం. నమ్మకం తప్పేమీ కాదు గానీ, ఆ అంకె ఎలా వచ్చిందో పది నిమిషాల్లో మనమే లెక్క కట్టుకోవచ్చు. కట్టుకుంటే మనం ఏ తేదీన డబ్బు వేయడం వల్ల ఎంత కోల్పోయామో రూపాయల్లో తెలిసిపోతుంది. దానికి స్టేట్‌మెంట్‌లో మూడు సంగతులు చూస్తే చాలు: ఏడాదిలో మొత్తం ఎంత కట్టాం, వడ్డీ ఎప్పుడు జమయింది, ప్రతి జమ ఏ తారీఖున పడింది.

ముందు పరిమితి సంగతి. పీపీఎఫ్‌లో ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, కనీసం 500 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర కట్టవచ్చు. 2014లో లక్ష నుంచి లక్షన్నరకు పెంచాక ఈ పై హద్దు మారలేదు. స్టేట్‌మెంట్‌లో ఆ ఏడాది జమల వరసలన్నీ కూడితే ఈ హద్దు లోపల ఉన్నామో లేదో తెలుస్తుంది. కూడేటప్పుడు వడ్డీ వరసను కలపకూడదు. వడ్డీగా జమయిన సొమ్ము లక్షన్నర లెక్కలోకి రాదు. గత మార్చిలో వడ్డీ పాతిక వేలు పడింది కాబట్టి ఈసారి లక్షా పాతిక వేలే కట్టాలేమోనని అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు, పూర్తి లక్షన్నరా కట్టవచ్చు.

ఇంకో చోట మాత్రం జాగ్రత్త కావాలి. మైనర్ పిల్లల పేరిట తల్లో తండ్రో ఖాతా తెరిస్తే, ఆ ఖాతాకూ తెరిచినవారి సొంత ఖాతాకూ కలిపి లక్షన్నరే హద్దు. తండ్రి తన ఖాతాలో లక్ష, గార్డియన్‌గా పాప ఖాతాలో 80 వేలు వేస్తే ముప్పై వేలు ఎక్కువైనట్టే. రెండు ఖాతాలూ రెండు వేర్వేరు చోట్ల ఉంటే కట్టే రోజున ఎవరూ ఆపకపోవచ్చు. విడివిడిగా చూస్తే ఏ స్టేట్‌మెంట్‌లోనూ తప్పు కనిపించదు, పక్కపక్కన పెట్టి కూడితేనే తెలుస్తుంది. అలా ఎక్కువైన సొమ్ముకు వడ్డీ రాదు, అసలు మాత్రం తిరిగిస్తారు. తల్లికి విడిగా తన పేరిట ఖాతా ఉంటే ఆమె లక్షన్నర ఆమెదే, తండ్రి హద్దుతో దానికి సంబంధం లేదు.

ఇక వడ్డీ. దీన్ని ప్రతి నెలా లెక్క కడతారు గానీ ఖాతాలో వేసేది ఏడాదికి ఒక్కసారే, ఆర్థిక సంవత్సరం చివర. అందుకే డిసెంబర్‌లో తీసిన స్టేట్‌మెంట్‌లో ఏప్రిల్ నుంచి ఒక్క రూపాయి వడ్డీ కూడా కనిపించదు. అదేమీ పొరపాటు కాదు. ఏ నెలకు ఆ నెల వడ్డీ లెక్కలోకి చేరుతూ, పన్నెండు నెలలదీ కలిపి మార్చి 31 నాటికి ఒకే వరసగా జమవుతుంది. ఏప్రిల్ నుంచి ఆ వడ్డీ కూడా అసలులో కలిసి మళ్లీ వడ్డీ తెస్తుంది.

నెలవారీ లెక్కకు ఒక నియమం ఉంది. అయిదో తారీఖు ముగిసేసరికి ఉన్న బ్యాలెన్స్ నుంచి నెలాఖరు దాకా, ఖాతాలో ఎప్పుడు తక్కువ ఉందో ఆ మొత్తానికే ఆ నెల వడ్డీ ఇస్తారు. అయిదో తారీఖు లోపు పడిన డబ్బుకు ఆ నెల వడ్డీ పూర్తిగా వస్తుంది. ఆరో తారీఖున పడితే ఆ నెలకు సున్నా, వచ్చే నెల నుంచే మొదలు. ఇరవై అయిదు రోజులు ఖాతాలో ఉన్నా సరే, రోజుల చొప్పున ఇవ్వరు.

ఒక స్టేట్‌మెంట్ తీసుకుని చూద్దాం. లెక్క కోసం అనుకున్న ఖాతా ఇది. 2024-25లో నాలుగు త్రైమాసికాలకూ పీపీఎఫ్ వడ్డీ రేటు 7.1 శాతం.

- 2024 ఏప్రిల్ 1: ప్రారంభ బ్యాలెన్స్ 4,00,000
- ఏప్రిల్ 3: జమ 50,000
- జులై 6: జమ 40,000
- అక్టోబర్ 4: జమ 30,000
- 2025 మార్చి 20: జమ 30,000
- మార్చి 31: వడ్డీ 34,908
- ముగింపు బ్యాలెన్స్ 5,84,908

నాలుగు జమలు కూడితే సరిగ్గా లక్షన్నర, హద్దు దాటలేదు. ఇప్పుడు ఒక్కో నెలకు వడ్డీ వచ్చే బ్యాలెన్స్ పక్కన రాసుకోవాలి. ఏప్రిల్ 3 జమ అయిదుకు ముందే పడింది కాబట్టి ఏప్రిల్‌కు 4,50,000. మే, జూన్‌లకూ అంతే. జులై జమ ఆరున పడింది. అయిదో తారీఖు రాత్రికి ఖాతాలో ఉన్నది 4,50,000 కాబట్టి జులైకి కూడా అదే లెక్క. ఆ నలభై వేలు ఆగస్టు నుంచి పని మొదలుపెడతాయి, అందుకే ఆగస్టు, సెప్టెంబర్‌లకు 4,90,000. అక్టోబర్ 4 జమ సకాలంలో పడింది కాబట్టి అక్టోబర్ నుంచి 5,20,000. మార్చి 20న వేసిన ముప్పై వేలకు మార్చి వడ్డీ లేదు, అంటే మార్చి దాకా 5,20,000తోనే సరి.

ఈ పన్నెండు నెలల బ్యాలెన్స్‌లూ కూడాలి. మొదటి నాలుగు నెలలు కలిపి 18,00,000. తర్వాతి రెండు నెలలు 9,80,000. చివరి ఆరు నెలలు 31,20,000. మొత్తం 59,00,000. దీన్ని 7.1తో గుణించి 1,200తో భాగిస్తే 34,908 రూపాయల 33 పైసలు. స్టేట్‌మెంట్‌లో పడింది 34,908. లెక్క కుదిరింది.

ఏడాది మధ్యలో రేటు మారితే మాత్రం అన్ని నెలలనూ కలిపి ఒకే రేటుతో గుణించకూడదు. 2019-20లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా 8 శాతం, జులై నుంచి 7.9 శాతం ఉండేది. అలాంటి ఏడాదికి మొదటి మూడు నెలల మొత్తాన్ని ఒక రేటుతో, మిగతా తొమ్మిది నెలలదాన్ని ఇంకో రేటుతో గుణించి కలుపుకోవాలి. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు ప్రకటిస్తుంది. 7.1 శాతం మొదలైంది 2020 ఏప్రిల్‌లో.

జులై జమ ఒక్కరోజు ముందు, అయిదున పడి ఉంటే? నలభై వేలకు ఒక నెల వడ్డీ, అంటే 237 రూపాయలు దాదాపు అదనంగా వచ్చేవి. లక్షన్నరనూ ఏప్రిల్ 5 లోపు ఒకేసారి వేసినవారికి ఆ సొమ్ము మీద ఏడాదికి 10,650 రూపాయలు వస్తాయి. ఏప్రిల్ 6న వేస్తే 9,762.50. తేడా 887.50.

నెలకు పన్నెండున్నర వేల చొప్పున కట్టేవారి సంగతి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. ప్రతి నెలా అయిదు లోపు వేస్తే ఆ ఏడాది జమలపై వడ్డీ 5,768.75. ప్రతి నెలా అయిదు దాటాక వేస్తే 4,881.25. తేడా మళ్లీ అదే 887.50! ఎందుకంటే ఆలస్యమైన ప్రతి రూపాయికీ పోయేది ఒక నెల వడ్డీయే. విడతలుగా కట్టినా, ఒకేసారి కట్టినా లక్షన్నరకు ఒక నెల వడ్డీ అంతే. పదిహేనేళ్లూ ఇలాగే ఆలస్యమై, రేటు ఇదే ఉంటే చివరికి తగ్గేది చక్రవడ్డీతో కలిపి ఇరవై రెండున్నర వేల దాకా ఉంటుంది.

దీనికన్నా పెద్ద తేడా పన్ను మినహాయింపు కోసం మార్చి నెలాఖరున పరుగెత్తి కట్టే అలవాటు వల్ల వస్తుంది. ఆ లక్షన్నరకు ఆ ఏడాది వడ్డీ ఏమీ ఉండదు. ఏటా ఏప్రిల్ మొదట్లోనే కట్టేవారితో పోలిస్తే పదిహేనేళ్లకు ఇది 2.7 లక్షల దాకా తక్కువ. అయితే మార్చి దాకా ఆ డబ్బు ఊరికే ఉండదు, సేవింగ్స్ ఖాతాలోనో డిపాజిట్‌లోనో ఎంతో కొంత తెస్తుంది, దాన్ని ఇందులోంచి తీసేసి చూడాలి. ఏప్రిల్‌లో అంత డబ్బు చేతిలో లేనివారు అప్పు చేసి కట్టనక్కర్లేదు, జీతం వచ్చిన నెలలో అయిదు లోపు కట్టుకుంటూ పోతే చాలు.

ఏడో తారీఖున జీతం పడేవారికి ఇదే నియమం ఇంకో వెసులుబాటు ఇస్తుంది. జులై 7న వేసినా, ఆగస్టు 4న వేసినా పీపీఎఫ్ ఇచ్చే వడ్డీ ఒకటే. అయిదు దాటాక తొందరపడటం వల్ల లాభం లేదు. ఆ నెల్లాళ్లూ సేవింగ్స్ ఖాతాలో ఉంచుకుంటే అక్కడి వడ్డీ అయినా వస్తుంది. మార్చి ఒక్కటే దీనికి మినహాయింపు. మార్చి 31 దాటితే ఆ జమ కొత్త ఏడాది ఖాతాలోకి వెళ్లిపోతుంది, పాత ఏడాది పన్ను మినహాయింపూ పోతుంది.

తేదీ విషయంలో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. మనం ఫోన్‌లో నొక్కిన సమయం కాదు, చెక్కు రాసిన రోజు కాదు, స్టేట్‌మెంట్‌లో జమ తేదీగా ఏది పడితే అదే లెక్క. వేరే బ్యాంకు నుంచి పంపిన డబ్బుకు, చెక్కుకు ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, మధ్యలో సెలవు రావచ్చు. కాబట్టి ప్రతి నెలా ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకునేవారు అయిదో తారీఖు కాకుండా ఒకటో రెండో తారీఖు పెట్టుకోవడం మంచిది. మార్చి 31 రాత్రి పంపింది ఏప్రిల్ 1న పడితే వచ్చే ఏడాది లక్షన్నరలోంచి అంత తగ్గిపోతుంది. పాత ఏడాది అప్పటికి 500 కూడా కట్టకపోయి ఉంటే ఖాతా నిలిచిపోతుంది. మళ్లీ నడిపించాలంటే కట్టని ఒక్కో ఏడాదికి 500తో పాటు 50 రూపాయల రుసుము కట్టాలి.

డబ్బు తీసుకునేటప్పుడూ ఇదే నియమం, తలకిందులుగా. జులై 28న తీసుకుంటే ఆ మొత్తానికి జులై వడ్డీ పోతుంది, ఎందుకంటే నెలలో తక్కువ బ్యాలెన్సే లెక్క. నాలుగు రోజులు ఆగి ఆగస్టు 1న తీసుకుంటే జులై వడ్డీ దక్కుతుంది.

మీ లెక్కకూ స్టేట్‌మెంట్‌కూ ఒకటి రెండు రూపాయల తేడా వస్తే అది పైసలు సర్దడం వల్ల వచ్చేదే. వందల్లో తేడా వస్తే ముందు ఆరు నుంచి పది తారీఖుల మధ్య పడిన జమలు చూడండి, మీరు అయిదునే పడిందనుకున్నది వాటిలో ఉండవచ్చు. తర్వాత డబ్బు తీసిన వరసలు, ఆపైన పరిమితి దాటిన సొమ్ము. మూడింటిలోనూ కారణం దొరకకపోతే, నెలకో వరసగా పన్నెండు బ్యాలెన్స్‌లు రాసిన కాగితాన్ని స్టేట్‌మెంట్‌కు జత చేసి బ్రాంచిలోనో పోస్టాఫీసులోనో ఇచ్చి, ఏ నెల దగ్గర తేడా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. వడ్డీ తక్కువ పడిందని నోటితో అడిగితే కంప్యూటర్ వేసిందేనన్న జవాబుతో సరిపెట్టవచ్చు. ఫలానా నెలకు ఫలానా బ్యాలెన్స్ ఎందుకు తీసుకోలేదని కాగితం చూపించి అడిగితే ఆ నెల తీసి చూడక తప్పదు.