తెలుగులో రాస్తే ఏఐ బిల్లు ఎక్కువా? టోకెన్ల లెక్క, నెలవారీ లిమిట్ ఎలా పనిచేస్తాయంటే..

ఏఐ చాట్‌ను ఫోన్‌లో ఫ్రీగా వాడుకోవడం వేరు. అదే ఏఐని మన షాపు వాట్సాప్‌కో, మన వెబ్‌సైట్‌కో కలుపుకోవడం వేరు. రెండో పనికి ఏపీఐ కావాలి. అక్కడ నెలకు ఇంత అని ఫిక్స్‌డ్ ప్యాక్ ఉండదు, కరెంటు మీటర్‌లా వాడినంతకు బిల్లు పడుతుంది. కరెంటుకు యూనిట్ ఎలాగో ఇక్కడ టోకెన్ అలాగ. అనకాపల్లి జిల్లా పాయకరావుపేటలో ఓ చీరల షాపు ఇలాంటి రిప్లై సిస్టమ్ పెట్టుకుందని అనుకుని, బిల్లు ఎలా పెరుగుతుందో, లిమిట్ పెడితే ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

టోకెన్ అంటే ఏంటి?

మనం రాసిన వాక్యాన్ని ఏఐ మోడల్ పదాలుగా చదవదు. ముందుగా చిన్న చిన్న ముక్కలు చేసుకుంటుంది. ఆ ముక్కే టోకెన్. ఇంగ్లిష్‌లో మామూలు పదం చాలాసార్లు ఒకే టోకెన్‌లో సరిపోతుంది. తెలుగుకు అలా కాదు. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగులో అక్షరానికి మూడు బైట్లు, దాని పక్కన గుణింతం గుర్తుకు మరో మూడు. ‘పాయకరావుపేట’ అన్న ఒక్క పేరే 33 బైట్లు. అదే పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 13 బైట్లే. పైగా ఈ ముక్కల పట్టికను ఎక్కువగా ఇంగ్లిష్ టెక్స్ట్ చూసి తయారుచేస్తే తెలుగు పదాలు అందులో పెద్దగా ఉండవు. అందుకే ఒక్కో పదం బాగా చిన్న ముక్కలైపోతుంది.

దీనికి అసలైన లెక్క ఒకటి ఉంది. 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ మోడల్‌ను విడుదల చేసినప్పుడు ఒకే పరిచయ వాక్యాన్ని 20 భాషల్లో పెట్టి చూపించింది. తెలుగులో దానికి పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టేవి, కొత్త పద్ధతిలో 45కి తగ్గాయి. ఇంగ్లిష్‌లో మాత్రం 27 నుంచి 24కే తగ్గాయి. అంటే ఒకప్పుడు అదే మాటకు తెలుగువాళ్లకు దాదాపు ఆరు రెట్లు మీటర్ తిరిగేది. ఆ మోడల్‌తో తేడా రెండు రెట్ల లోపుకు వచ్చింది. తగ్గింది కానీ పోలేదు. మోడల్ మారితే ఈ లెక్క కూడా మారుతుంది. అందుకే టోకెన్ ధర ఒక్కటే చూసి ‘ఇది చవక’ అనుకోకూడదు, మన తెలుగు వాక్యానికి ఎన్ని టోకెన్లు పడుతున్నాయో కూడా చూడాలి.

ఇన్‌పుట్‌కు ఒక రేటు, అవుట్‌పుట్‌కు మరో రేటు

మనం పంపేది ఇన్‌పుట్, మోడల్ రాసిచ్చేది అవుట్‌పుట్. జీపీటీ-4ఓ విడుదలైనప్పుడు పది లక్షల ఇన్‌పుట్ టోకెన్లకు 5 డాలర్లు, అవుట్‌పుట్‌కు 15 డాలర్లు ఉండేది. అదే ఏడాది అది 2.50, 10 డాలర్లకు తగ్గింది. అవుట్‌పుట్ రేటు ఎందుకు ఎక్కువ? మనం పంపిన టెక్స్ట్‌ను మోడల్ ఒకేసారి కలిపి ప్రాసెస్ చేయగలదు. జవాబును మాత్రం ఒక్కో టోకెన్ చొప్పున రాయాలి, ప్రతి టోకెన్‌కూ మళ్లీ లెక్క మొత్తం నడవాలి. కంపెనీ మెషీన్ మీద భారం పడేది అక్కడే.

షాపు లెక్క ఇలా..

షాపు వాళ్లు మోడల్‌కు ఇచ్చే సూచనలు, చీరల ధరల పట్టిక కలిపి 1,500 టోకెన్లు అనుకుందాం. కస్టమర్ ప్రశ్నకు 50, జవాబుకు 150. మొదటి ప్రశ్నకు ఇన్‌పుట్ 1,550, అవుట్‌పుట్ 150. 2.50, 10 డాలర్ల రేటున చూస్తే సుమారు అర సెంటు. అంతేనా అనిపిస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మోడల్‌కు గుర్తుండదు. ‘ఆ రెండో చీర ఎంత?’ అని కస్టమర్ అడిగితే, అంతకుముందు జరిగిన మాటలన్నీ మళ్లీ పంపితేనే దానికి అర్థమవుతుంది. సూచనలు, ధరల పట్టిక కూడా ప్రతిసారీ వెళ్లాల్సిందే. అందుకే పదో ప్రశ్న వచ్చేసరికి ఒక్కసారి పంపేది 3,350 టోకెన్లు అవుతుంది. పది ప్రశ్నల సంభాషణ మొత్తానికి ఇన్‌పుట్ 24,500, అవుట్‌పుట్ 1,500. ఖర్చు దాదాపు 7.6 సెంట్లు. రోజుకు 40 మంది ఇలా మాట్లాడితే రోజుకు 3.05 డాలర్లు, నెలకు 91.50 డాలర్లు. డాలర్‌కు 90 రూపాయలు అనుకుంటే 8,235 రూపాయలు.

టోకెన్ రేటు అవుట్‌పుట్‌కే ఎక్కువైనా, ఈ బిల్లులో ఐదింట నాలుగు వంతులు ఇన్‌పుట్‌దే. అందులోనూ సగానికి పైగా పదిసార్లు వెళ్లిన ఆ 1,500 టోకెన్లే. పాత మాటల్లో చివరి మూడు ప్రశ్నలు, వాటి జవాబులు మాత్రమే పంపితే నెలకు తగ్గేది 12.60 డాలర్లు. అదే ధరల పట్టికను కుదించి 1,500ను 500 చేస్తే 30 డాలర్లు తగ్గుతుంది. పదేపదే వచ్చే ముందు భాగానికి కొన్ని కంపెనీలు డిస్కౌంట్ ఇస్తాయి, ఈ లెక్కలో అది కలపలేదు.

కాంటెక్స్ట్ లెంగ్త్ అంటే?

ఒక్కసారికి మోడల్ ముందు పెట్టగలిగే టోకెన్ల గరిష్ట సంఖ్య ఇది. జవాబు కూడా ఇందులోనే సరిపోవాలి. జీపీటీ-4ఓకు ఇది 1,28,000. పైన చెప్పిన పరిచయ వాక్యం ఒకటికి 159 టోకెన్లయితే అందులో 805 సార్లు పడుతుంది, 45 అయితే 2,844 సార్లు. అంటే తెలుగుకు ముక్కలు ఎక్కువైతే బిల్లే కాదు, పట్టే చోటు కూడా తగ్గిపోతుంది. ఇంకో మాట.. చోటు ఉంది కదా అని నింపేస్తే నింపినంతకూ ప్రతిసారీ డబ్బు కట్టాలి.

నెలవారీ లిమిట్ పెడితే ఏమవుతుంది?

షాపు యజమాని నెలకు 50 డాలర్ల లిమిట్ పెట్టారనుకుందాం. రోజుకు 3.05 చొప్పున 17వ తేదీకి అది అయిపోతుంది. ఆ తర్వాత వచ్చిన కస్టమర్‌కు రిప్లై వెళ్లదు. ఓపెన్‌ఏఐలో క్రెడిట్ లేదా లిమిట్ అయిపోతే ఈ ఎర్రర్ కనిపిస్తుంది:

```
429 insufficient_quota
```

నిమిషానికి పంపాల్సినదాని కంటే ఎక్కువ రిక్వెస్టులు పంపినా 429 నంబరే వస్తుంది, కానీ పక్కన `rate_limit_exceeded` అని ఉంటుంది. రెండోదైతే కాసేపు ఆగి మళ్లీ పంపొచ్చు. మొదటిదైతే ఎంతసేపు ఆగినా లాభం లేదు, డబ్బు వేయాలి లేదా లిమిట్ పెంచాలి. చాలామంది ఈ తేడా చూడక ప్రోగ్రామ్‌లో తప్పు ఉందేమోనని వెతుకుతూ కూర్చుంటారు.

ముఖ్యంగా గమనించాల్సింది.. ‘లిమిట్’ అని కనిపించినవన్నీ సర్వీసును ఆపవు. కొన్ని ఆ మొత్తం దాటాక మెయిల్ మాత్రమే పంపుతాయి, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. వాడకం లెక్క డ్యాష్‌బోర్డులోకి ఎక్కడానికి కూడా కొంత ఆలస్యం కావచ్చు. ప్రోగ్రామ్‌లో లోపం వల్ల ఒకే రిక్వెస్ట్ రాత్రంతా తిరుగుతూ ఉంటే, మెయిల్ చూసుకునేది పొద్దున్నే కదా. ముందే డబ్బు వేసి వాడుకునే ప్రీపెయిడ్ పద్ధతిలో, ఆటో రీచార్జ్ ఆపేసి ఉంచితే, నష్టం దాదాపు వేసినంతతోనే ఆగుతుంది. ఆటో రీచార్జ్ ఆన్‌లో ఉంటే ఆ రక్షణ లేనట్టే.

జవాబు పొడవుకు కూడా `max_tokens` లాంటి సెట్టింగ్‌తో హద్దు పెట్టొచ్చు. అయితే ఇంగ్లిష్‌కు సరిపోయిన నంబరే తెలుగుకు పెడితే వాక్యం మధ్యలో తెగిపోతుంది. అప్పుడు రెస్పాన్స్‌లో `finish_reason` దగ్గర `length` అని కనిపిస్తుంది. సగం జవాబుకు కూడా బిల్లు పడుతుంది.

ప్రతి రెస్పాన్స్‌తో పాటు `prompt_tokens`, `completion_tokens` అని రెండు అంకెలు వస్తాయి. మొదటిది ఇన్‌పుట్, రెండోది అవుట్‌పుట్. లిమిట్ ఎంత పెట్టాలో తేల్చుకునే ముందు, నిజమైన తెలుగు ప్రశ్నలతో ఓ 20 సంభాషణలు నడిపి ఈ అంకెలు రాసుకుంటే నెల బిల్లు అంచనా అక్కడే దొరుకుతుంది.