తలపై మచ్చలుగా జుట్టు ఊడినప్పుడు ఫొటోలో గమనించవలసినవి

తలపై ఒకచోట జుట్టు గుండ్రంగా ఊడిపోతే తెలుగువారు దానిని ‘పేనుకొరుకుడు’ అంటారు. పేరు పాతదే కాని, ఈ స్థితికి పేలతో సంబంధం లేదు. పైగా ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సమస్యలు దాగి ఉండవచ్చు. అవి అలోపీషియా ఏరియేటా, తలకు సోకే తామర, తన జుట్టును తానే లాగుకొనే అలవాటు. వీటి చికిత్సలు వేరు. ఒకదానికి వాడే మందు మరొకదానిని ముదరబెట్టగలదు. కామసముద్రం వంటి ఊళ్ల నుండి మచ్చను ఫోనుతో ఫొటో తీసి చర్మవైద్యునికి చూపే కుటుంబాలు అందులో ఏమి చూడాలో తెలుసుకొనడం అవసరం.

అలోపీషియా ఏరియేటాలో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున వెంట్రుకల కుదుళ్లపై దాడి చేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. మచ్చ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. చర్మం మామూలు రంగులోనే కనబడుతుంది, పొట్టు ఉండదు. అంచున కొన్ని పొట్టి వెంట్రుకలు మొదట సన్నగా, చివర లావుగా ఆశ్చర్యార్థక చిహ్నంవలె నిలబడతాయి. కొందరి గోళ్లపై సూదితో పొడిచినట్లు చిన్న గుంటలు ఉంటాయి.

తామర శిలీంధ్రం వలన వస్తుంది, ఎక్కువగా పిల్లలలో కనబడుతుంది. ఇక్కడ మచ్చ నున్నగా ఉండదు. తెల్లని పొట్టు రాలుతుంది, వెంట్రుకలు చర్మం దగ్గరే విరిగి నల్లని చుక్కలవలె మిగులుతాయి. మెడ వెనుక గడ్డలు తగలవచ్చు. కొన్నిసార్లు చీముతో మెత్తని వాపు లేస్తుంది. దానిని కురుపనుకొని కోయించరాదు.

జుట్టు లాగుకొనే అలవాటులో మచ్చ అంచులు వంకరటింకరగా ఉంటాయి. అక్కడ పూర్తిగా బోడి కాదు. రకరకాల పొడవులలో వెంట్రుకలు గరుకుగా మిగిలి ఉంటాయి. చేతికి సులభంగా అందే నడినెత్తి, పక్క భాగాలలో ఇది ఎక్కువ. బిడ్డ ఒప్పుకొనకపోవచ్చు, చాలాసార్లు తెలియకుండానే లాగుతారు. గద్దించడం వలన మేలు జరగదు. లాగిన జుట్టును మింగే పిల్లలకు కడుపునొప్పి, వాంతులు వస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి, ఎందుకంటే జుట్టు పొట్టలో ఉండకట్టవచ్చు.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఎనిమిదేళ్ల బాలుని తల వెనుక రూపాయి నాణెమంత మచ్చ ఉంది. తల్లి నూనె రాసి, దువ్వి ఫొటో తీసింది. నూనె పొట్టును అణచివేసింది, ఫ్లాష్ వెలుగు చర్మాన్ని మెరిపించింది. ఫొటోలో మచ్చ నున్నగా కనబడింది. దానిని అలోపీషియా అనుకొని ఇంట్లో ఉన్న స్టిరాయిడ్ క్రీము రాస్తే ఎరుపు, దురద తాత్కాలికంగా తగ్గుతాయి, శిలీంధ్రం మాత్రం వ్యాపిస్తుంది. అదే తలను కడిగి ఆరబెట్టి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలో పొట్టు, నల్లని చుక్కలు బయటపడతాయి. అప్పుడు తామర అనుమానం సహజంగా కలుగుతుంది.

అందుచేత ఫొటోకు ముందు తలకు నూనె, క్రీము, పసుపు రాయరాదు. అందాన్ని పెంచే ఫిల్టర్లు వాడరాదు. మొత్తం తల కనబడేలా ఒకటి, పక్కన నాణెం ఉంచి మచ్చకు దగ్గరగా ఒకటి, అంచు స్పష్టంగా ఒకటి, గోళ్లది ఒకటి తీస్తే చాలు. ఫొటోకు ముందు గుండు చేయిస్తే వెంట్రుకల పొడవులోని తేడా అనే ఆనవాలు పోతుంది.

అయినా ఫొటోకు హద్దులున్నాయి. మెడ గడ్డలు చేతికే తెలుస్తాయి. తామరను నిర్ధారించడానికి పొట్టును, విరిగిన వెంట్రుకలను తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. తామర అని తేలితే పైపూత ఒక్కటే చాలదు, ఎందుకంటే శిలీంధ్రం వెంట్రుక లోపలే ఉంటుంది. వైద్యుడు సూచించిన మాత్రలను అనేక వారాలు వాడాలి. గ్రైసియోఫుల్విన్ సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు ఇస్తారు. ఆ కాలంలో దువ్వెన, తువ్వాలు, దిండు పంచుకొనరాదు. ఇంట్లోని ఇతర పిల్లల తలలనూ చూపించాలి.

అలోపీషియాలో చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపే తిరిగి నిండుతాయి. మొదట తెల్లని వెంట్రుకలు రావచ్చు. పెద్దలకు వైద్యులు మచ్చలోనికి స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు. మూడవ సమస్యలో అలవాటు మార్పిడి శిక్షణ ప్రధాన చికిత్స. ఏ మచ్చకైనా గురివింద గింజలు నూరి పూయడం ప్రమాదకరం. ఆ గింజలో తీవ్రమైన విషముంటుంది.

పొట్టు, చీము, జ్వరం, మెడ గడ్డలు ఉన్నా, మచ్చ వేగంగా పెరుగుతున్నా ఫొటోతో సరిపెట్టుకొనక, సమీప ఆరోగ్య కేంద్రాన్ని గాని, కోలారులోని జిల్లా ఆసుపత్రిని గాని సంప్రదించాలి.